రెండు వైపుల నుంచి డైక్‌స్ట్రా: కలిసిన చోట ఆపితే తప్పు దూరం వస్తోంది

సుధ: విశాఖపట్నం రోడ్ల మ్యాప్ మీద డైక్‌స్ట్రా రాశాను. కూడళ్లు నోడ్లు, ప్రయాణానికి పట్టే నిమిషాలు ఎడ్జ్‌ల బరువులు. వేగం కోసం బయలుదేరే చోటు నుంచి ఒక వెతుకులాట, గమ్యం నుంచి వెనక్కి ఇంకోటి నడుపుతున్నాను. ఏదో ఒక నోడ్ రెండు వైపులా ఖరారు కాగానే ఆపేస్తున్నాను. చాలా జతలకు సరిగ్గానే వస్తోంది కానీ కొన్నిటికి మామూలు డైక్‌స్ట్రా కంటే నిమిషం ఎక్కువ చూపిస్తోంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్. పైగా చూసే నోడ్లు సగానికి తగ్గుతాయనుకుంటే, బీచ్ రోడ్ నుంచి పెందుర్తికి పావు వంతే తగ్గాయి.

గణేశ్: వన్‌వేలు చూడండి. గమ్యం వైపు ఎడ్జ్‌లను తిరగేసి వాడాలి, నేను అక్కడే దెబ్బతిన్నాను. ఆపడంలో తప్పు లేదు. మొదట కలిసిన నోడ్ రెండు వైపులకూ దగ్గరే కదా, దారి దాని మీదుగానే వెళ్లాలి.

సుధ: తిరగేసిన జాబితానే వాడుతున్నానండీ. వన్‌వేలు లేని చిన్న మ్యాప్‌లోనూ తప్పు వస్తోంది.

నరసింహం: గణేశ్ గారూ, వన్‌వేల మాట నిజమే. రెండో మాటతోనే చిక్కు. ఐదు నోడ్లతో కాగితం మీద గీసి చూడండి. s నుంచి m కి 5, m నుంచి t కి 5. ఇంకో దారి s, a, b, t: మూడు ఎడ్జ్‌లూ 3 చొప్పున. చిన్నదారి 9. కానీ మొదట రెండు వైపులా ఖరారయ్యేది m, ఎందుకంటే అది రెండు వైపులా 5 దూరంలోనే ఉంది. b అయితే s నుంచి 6, a కూడా t నుంచి 6. అక్కడ ఆపితే సమాధానం 10. సుధ గారికి వస్తున్నది ఇదే.

ఇప్పటిదాకా దొరికిన అతి చిన్న మొత్తాన్ని `best` లో ఉంచుకోండి. ఏ వైపు నుంచి ఎడ్జ్‌ను చూసినా, దాని అవతలి కొసకు ఎదుటి వైపు దూరం ఉంటే `best` ను సరిచూడాలి. `dF`, `dB` అంటే s నుంచి, t నుంచి ఇప్పటిదాకా తెలిసిన దూరాలు. ముందు వైపు u నుంచి v కి w బరువున్న ఎడ్జ్ అయితే ఇలా:

```
best = min(best, dF[u] + w + dB[v])
if topF + topB >= best: break
```

`topF`, `topB` అంటే రెండు క్యూల్లోనూ తర్వాత బయటికి రాబోయే దూరాలు. ఆపాలా వద్దా అన్నది ఒక్కో నోడ్‌ను విస్తరించాక చూడండి. s, t అయ్యాక m ద్వారా `best` 10. a ను విస్తరించగానే a–b ఎడ్జ్ ద్వారా 9 అవుతుంది. అప్పుడు క్యూల పైన 5, 3 ఉంటాయి. మొత్తం 8, ఇంకా ఆపకూడదు. b కూడా అయ్యాక 5, 5. పది తొమ్మిదిని దాటింది, ఆపండి. m ను అసలు ఖరారు చేయనే లేదు, చూశారా.

గణేశ్: ఆ మొత్తం దాటితే చాలని ఎలా నమ్మాలి?

నరసింహం: `topF + topB` కంటే చిన్న దారి ఒకటి ఉందనుకోండి. దాని మీది ప్రతి నోడ్ s నుంచి `topF` లోపల గానీ, t నుంచి `topB` లోపల గానీ ఉండి తీరాలి. లేకపోతే ఆ నోడ్ దగ్గరే రెండు దూరాలు కలిసి ఆ మొత్తాన్ని చేరుకుంటాయి. అంటే ప్రతి నోడూ ఏదో ఒక వైపు ఖరారైపోయింది. కాబట్టి ఆ దారిలో ఒక వైపు భాగం నుంచి రెండో వైపు భాగంలోకి దాటే ఎడ్జ్ ఒకటి ఉంటుంది, రెండు కొసల్లో తర్వాత ఖరారైన దాన్ని విస్తరించినప్పుడే అది `best` లోకి వచ్చేసి ఉంటుంది. ఏ వైపును ఎప్పుడు ముందుకు నడిపినా ఈ మాట చెల్లుతుంది.

గణేశ్: మరి నా BFS లో మొదటి కలయికే సరిపోయింది.

నరసింహం: బరువులన్నీ సమానం కాబట్టి. ఒక పొర మొత్తం ముగించాకే వైపు మారుస్తుంటే సరిపోతుంది.

రజియా: నేను రెండు వైపులా A* పెట్టాను, రెండింటికీ సరళరేఖ దూరమే అంచనా. ఇదే నియమం పెట్టేయనా?

నరసింహం: అలా వద్దమ్మా. రెండు వైపుల అంచనాలూ ఒకదానితో ఒకటి పొసగవు, క్యూలోని అంకెలు అసలు దూరాలు కావు. గమ్యానికి అంచనాలోంచి మొదలుకు అంచనా తీసేసి సగం చేయండి. ముందు వైపు దాన్ని, వెనక వైపు దాని రుణ విలువను వాడితే ఎడ్జ్‌ల బరువులు రెండు వైపులా ఒకటే అవుతాయి. అప్పుడు ఆ మార్చిన బరువులతోనే ఈ నియమం పెట్టొచ్చు. లాభం మాత్రం కొంత తగ్గుతుంది.

సుధ గారూ, మీ పావు వంతు సంగతి. మామూలు వెతుకులాట r వ్యాసార్థం ఉన్న వృత్తంలా పరుచుకుంటుంది. రెండు వైపులా నడిపితే r/2 వ్యాసార్థంతో రెండు వృత్తాలు, ఒక్కోటి పెద్దదానిలో పావు, కలిపితే సగం. కానీ బీచ్ రోడ్‌లో మొదలైతే సముద్రం వైపు రోడ్లు లేవు, కాబట్టి మామూలు వెతుకులాటే అర్ధవృత్తం. మీ రెండింటిలో తీరం వైపుది ఎనిమిదో వంతు, పెందుర్తి వైపుది పావు. అంటే పూర్తి వృత్తంలో సగం చూడాల్సిన చోట ఎనిమిదింట మూడు వంతులు చూస్తున్నారు. తగ్గేది పావే.

సుధ: నియమం మార్చాను, తేడా వచ్చిన జతలన్నీ ఇప్పుడు మామూలు డైక్‌స్ట్రాతో సరిపోయాయి. కానీ ఊరి మధ్య కూడళ్లు దట్టంగా, పెందుర్తి దగ్గర పలచగా ఉన్నాయి. క్యూ చిన్నగా ఉన్న వైపునే ముందు నడిపితే ఇంకా తగ్గుతాయా?

నరసింహం: తప్పు మాత్రం రాదు. నా మ్యాప్‌లో కొన్ని జతలకు తగ్గాయి, కొన్నిటికి పెరిగాయి. మీ జతల మీదే లెక్కపెట్టి చూడండి.