అద్దెకు దిగేవాళ్ల పోలీస్ వెరిఫికేషన్: ఓనర్ చేయించాలా, అసోసియేషనా, మేమా?

కడప నుంచి వచ్చాం:
తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. ఓనర్ హైదరాబాద్‌లో ఉంటారు. 11 నెలల అగ్రిమెంట్ అయింది, అడ్వాన్స్ ఇచ్చేశాం. ఆదివారం సామాను దించబోతే సెక్రటరీ గారు అసోసియేషన్ ఎన్ఓసీ, పోలీస్ వెరిఫికేషన్ రిపోర్ట్ రెండూ ఉంటేనే లిఫ్ట్ అన్నారు. ఓనర్ గారేమో అది అసోసియేషన్ వాళ్లే చూసుకుంటారంటున్నారు. బ్రోకర్ మీరే స్టేషన్‌కి వెళ్లండంటున్నాడు. అసలు ఇది ఎవరి బాధ్యత?

బైరాగిపట్టెడ బాబు:
ఓనర్‌దే, ఇందులో చర్చేముంది? వెరిఫికేషన్ లేకుండా అద్దెకిస్తే ఓనర్ మీద 188 కింద కేసు కడతారు. హైదరాబాద్‌లో కూర్చుని అద్దె మాత్రం తీసుకుంటానంటే కుదరదు. ఆయన్ని పిలిపించండి.

సందేహాల శీను:
ఎవరి కోసమో ఎదురుచూడటం ఎందుకు? పాస్‌పోర్ట్ సైట్‌లో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి అప్లై చేసుకోండి. మా తమ్ముడు కువైట్ వెళ్లేటప్పుడు అలాగే తెచ్చుకున్నాడు. అది చూపిస్తే ఎవరూ నోరెత్తరు.

పాత రైటర్:
శీను గారూ, అది విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం. అద్దె ఇంటికి దానితో పని లేదు. డబ్బులు, రోజులు రెండూ దండగ.

నేను జిల్లాలో రెండు మూడు స్టేషన్లలో రైటర్‌గా చేసి రిటైర్ అయ్యాను. ఈ ఫారాలు చాలానే చూశాను. ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి. అందరూ వాటిని కలిపేసి ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు. వివరాలు, ఫొటోలు, గుర్తింపు కాపీలు ఇవ్వడం అద్దెకు దిగేవాళ్ల పని. ఫలానా వాళ్లను నా ఇంట్లో పెట్టుకున్నాను అని సంతకం చేసి స్టేషన్‌కు తెలియజేయడం ఓనర్ పని. విచారించడం పోలీసుల పని. అసోసియేషన్‌కు ఇందులో దేనిలోనూ వాటా లేదు. ఓనర్ తెలియజేశాడా లేదా అని అడిగి, దాని కాపీ ఫైల్లో పెట్టుకోవడం వరకే.

మీ సెక్రటరీ గారు 'రిపోర్ట్' అన్నారు చూడండి, చిక్కు అక్కడే వచ్చింది. ఫారం రెండు కాపీలు తీసుకెళ్లి ఇస్తే, ఒకటి స్టేషన్‌లో ఉంచుకుని రెండో దానిమీద తేదీ, సంతకం, స్టేషన్ సీల్ వేసి ఇస్తారు. ఆన్‌లైన్‌లో పెడితే దరఖాస్తు నంబర్ వస్తుంది. ఆ సీల్ పడిందంటే ఓనర్ చేయాల్సింది చేసినట్టే. ఆ తర్వాత మీ సొంతూరి స్టేషన్‌కు రాసి, అక్కడ మీ మీద ఏమైనా ఉందేమో కనుక్కోవడం లోపల జరిగే వ్యవహారం. అది వారంలో కావచ్చు, బ్రహ్మోత్సవాల బందోబస్తు టైమ్‌లో అయితే నెల దాటొచ్చు. ఏమీ లేకపోతే మామూలుగా మీకు కాగితం కూడా రాదు. కాబట్టి రిపోర్ట్ తెచ్చేదాకా సామాను దించొద్దంటే మీరు నెలంతా ఏస్ బండిలోనే కాపురం పెట్టాలి. సీల్ పడిన కాపీ అడగమనండి, అది న్యాయం.

304 సెక్రటరీ:
నేను ఇంకో అపార్ట్‌మెంట్ సెక్రటరీని, మా వైపు కూడా వినండి. మాకు 40 ఫ్లాట్లు, అందులో సగానికి పైగా అద్దెకే ఉన్నాయి. ఓనర్లలో చాలామంది బెంగళూరు, చెన్నై, అమెరికా. పోయినేడు ఒక ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్లు ఉండేవాళ్లు. ఎవరో వెతుక్కుంటూ పోలీసులు వచ్చారు. మా రిజిస్టర్‌లో ఒక్కడి పేరే ఉంది, వాడు ఖాళీ చేసి ఆరు నెలలైంది. ఓనర్ ఫోన్ ఎత్తలేదు. స్టేషన్‌కు వెళ్లి కూర్చున్నది నేనూ, వాచ్‌మనూ. చేతికి కాగితం రాకుండా లోపలికి పంపితే రేపు ఎవరు జవాబు చెప్పాలి? సామాను దిగాక అడిగితే ఒక్కడూ ఇవ్వడు.

పాత రైటర్:
మీ బాధ నిజమే సార్. ఒకటి చెప్తా, ఫ్లాట్‌కు ఒక ఫారం సరిపోదు. అందులో ఉండే పెద్దవాళ్లందరి వివరాలూ రావాలి. బ్యాచిలర్ ఫ్లాట్లలో అగ్రిమెంట్ ఒకడి పేరుమీద ఉంటుంది, మిగతా ముగ్గురూ మారుతుంటారు. మారిన ప్రతిసారీ మళ్లీ తెలియజేయాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. మీకు దెబ్బ తగిలింది అక్కడే.

కోర్టు పక్షి:
బాబు గారు చెప్పింది సగం వరకే కరెక్ట్. 188 పాత ఐపీసీది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో బీఎన్ఎస్ 223 వచ్చింది. అసలు విషయం నంబర్ కాదు. ఆ సెక్షన్ వర్తించాలంటే ముందు అధికారి జారీ చేసిన ఉత్తర్వు ఒకటి ఉండాలి. అద్దెదారుల వివరాలు స్టేషన్‌కు ఇవ్వాలని చాలా నగరాల్లో ఇచ్చే ఉత్తర్వు పాత 144 కింద వచ్చేది, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 163. అది మామూలుగా 2 నెలలే అమల్లో ఉంటుంది, పొడిగిస్తే తప్ప. విశాఖ, విజయవాడ లాంటి చోట్ల పోలీస్ కమిషనర్ ఇవ్వగలరు. తిరుపతికి కమిషనరేట్ లేదు, ఎస్పీ ఉంటారు. కాబట్టి ఇక్కడ అలాంటి ఉత్తర్వు రావాలంటే కలెక్టర్, ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేట్ నుంచి రావాలి. అది అమల్లో ఉన్న రోజుల్లో ఓనర్ తెలియజేయకపోతే తప్పు. అప్పుడు కూడా కోర్టు కేసు తీసుకోవాలంటే ఆ అధికారే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సెక్రటరీ గారు వెళ్లి కేసు పెట్టించలేరు.

ఇక ఎన్ఓసీ. అసోసియేషన్ బైలాస్ సభ్యుల మీద పనిచేస్తాయి. సభ్యుడంటే ఓనర్. అద్దెదారు వాటిమీద సంతకం పెట్టలేదు. బైలాస్‌లో 'అద్దెకిచ్చే ముందు తెలియజేయాలి' అని ఉంటే, ఓనర్ తెలియజేయకపోతే ఓనర్‌కు నోటీస్ ఇవ్వండి. అద్దెదారు మంచం, బీరువా మెట్ల దగ్గర ఆపే హక్కు అందులోంచి ఎలా వస్తుంది?

బైరాగిపట్టెడ బాబు:
ఉత్తర్వు ఉన్నా లేకున్నా స్టేషన్లో అడుగుతారు కదా అన్నా. తిరుమల కిందున్న ఊరు ఇది. వీఐపీలు వచ్చిన ప్రతిసారీ లాడ్జీలు, ఇళ్లు చెక్ చేస్తూనే ఉంటారు.

కోర్టు పక్షి:
అడుగుతారు, ఇవ్వడం మంచిదే. నేను కాదనలేదు. జైలు అని భయపెట్టొద్దన్నాను, అంతే.

కొర్లగుంట మల్లి:
నా సంగతి కూడా చెప్పండి. మాకు 2 బెడ్‌రూమ్ ఫ్లాట్ ఒకటి ఉంది. దర్శనానికి వచ్చేవాళ్లకు రోజువారీ ఇస్తాం. ఒక రాత్రి, రెండు రాత్రులు ఉంటారు. అసోసియేషన్ వాళ్లు ప్రతి ఫ్యామిలీకీ పోలీస్ వెరిఫికేషన్ అంటున్నారు. మధ్యాహ్నం వచ్చి తెల్లారి కొండకు పోయేవాళ్లకు ఎక్కడ చేయించాలి?

పాత రైటర్:
అమ్మా, మీది అద్దె కాదు, లాడ్జి వ్యవహారం. దానికి ఈ ఫారం పనికిరాదు. గదికి దిగిన ప్రతివాళ్ల గుర్తింపు కాపీ, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్నది రిజిస్టర్‌లో ఉండాలి. విదేశీయులైతే 24 గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకు పంపాలి. ముందు నివాస భవనంలో ఇలా నడపడానికి మీకు అనుమతి ఉందో లేదో చూసుకోండి. మీ అసోసియేషన్ పట్టుకోవాల్సిన పాయింట్ అదే, అనవసరంగా వెరిఫికేషన్ పట్టుకున్నారు.

కడప నుంచి వచ్చాం:
పాత రైటర్ గారూ, ఓనర్ గారు రాలేనంటున్నారు. ఆయన లేకుండా మేం ఇస్తే తీసుకుంటారా? ఇంకోటి, మా ఆయన ఆధార్‌లో అడ్రస్ ఇంతకుముందు అద్దెకున్న నెల్లూరు ఇంటిది. ఇబ్బందా?

పాత రైటర్:
ఓనర్ స్వయంగా రావాలనేం లేదు. ఫారంలో ఓనర్ సంతకం ఆయన చేతే పెట్టించి, ఆయన ఆధార్ కాపీ మీద కూడా సంతకం చేయించండి. 'నా ఫ్లాట్‌లో అద్దెకు దిగిన ఫలానా వారు నా తరఫున ఈ ఫారం అందజేస్తారు' అని ఒక పేజీ లెటర్ రాయించి ఒరిజినల్ కొరియర్‌లో తెప్పించుకోండి. వాట్సాప్ ప్రింట్ కొన్ని స్టేషన్లలో తీసుకుంటారు, కొన్నిచోట్ల తిప్పి పంపుతారు. ఊళ్లో ఆయన బంధువు ఉంటే ఆయన చేత ఇప్పించడం ఇంకా సులువు. అగ్రిమెంట్ కాపీ మర్చిపోవద్దు. ఏ స్టేషన్ అన్నది ముందు కనుక్కోండి. ఎయిర్ బైపాస్ రోడ్డు చాలా పొడుగు, ఇల్లు ఎటువైపుందన్నదాన్ని బట్టి స్టేషన్ మారొచ్చు. పక్క స్టేషన్‌లో సీల్ వేయించుకుంటే లాభం లేదు.

ఆధార్ సంగతి మంచి ప్రశ్న అడిగారు. ఫారంలో శాశ్వత చిరునామా దగ్గర ఆధార్‌లో ఉన్న నెల్లూరు అడ్రస్ దించేస్తే, విచారణ నెల్లూరు వెళ్తుంది. అక్కడ ఖాళీ చేసిన ఇంటి గురించి ఎవరు చెప్తారు? 'ఆ చిరునామాలో లేరు' అని తిరిగొస్తుంది, అనవసరంగా అనుమానం. శాశ్వత చిరునామా దగ్గర మీ కడప ఊరు, మండలం, అక్కడి స్టేషన్ పేరు రాయండి. నెల్లూరుది 'ఇంతకుముందు ఉన్న చిరునామా' అని విడిగా రాయండి. తండ్రి పేరు, ఇంటిపేరు అగ్రిమెంట్‌లోనూ ఫారంలోనూ ఒకే స్పెల్లింగ్‌లో ఉండాలి. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వర రావు అని రెండు రకాలుగా రాసి, ఇంకెవరి కేసో తగులుకుని తిరిగినవాళ్లను చూశాను.

సందేహాల శీను:
అసోసియేషన్‌కు కూడా ఆధార్ కాపీలు ఇవ్వాలా? మా దగ్గర వాచ్‌మన్ ఫోన్‌తో ఫొటో తీసుకుంటాడు.

కోర్టు పక్షి:
సీల్ పడిన ఫారం కాపీ ఇస్తే సరిపోతుంది. తప్పదంటే మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. వాచ్‌మన్ ఫోన్‌లోకి మాత్రం వద్దు.

304 సెక్రటరీ:
మేం ఇకనుంచి సీల్ కాపీ తీసుకుని సామాను దించనిస్తాం, సరే. కానీ ఒప్పుకున్నది అంతవరకే. ఓనర్ ఇవ్వకపోతే నోటీస్ ఇవ్వండి అంటారు, నోటీస్‌కు ఆయన కదలకపోతే? మెయింటెనెన్స్ నోటీసులకే దిక్కు లేదు ఇక్కడ.

కోర్టు పక్షి:
మీరే స్టేషన్‌కు ఒక లెటర్ ఇవ్వండి. 'ఫలానా ఫ్లాట్‌లో అద్దెదారులున్నారు, ఓనర్ వివరాలు ఇవ్వలేదు' అని రాసి, ఓనర్ ఫోన్ నంబర్ పెట్టి, సీల్ వేయించుకోండి. తెలియజేయలేదన్న మాట మీ మీదకు రాదు.

కడప నుంచి వచ్చాం:
ఓనర్ గారి మేనల్లుడు అవిలాలలో ఉంటే ఆయన చేత ఇప్పించాం. మొదటిసారి ఫొటోలు అతికించలేదని తిప్పి పంపారు, సాయంత్రానికి సీల్ పడింది. సెక్రటరీ గారు చూసి లిఫ్ట్ ఒప్పుకున్నారు. కానీ ఇప్పుడు 'మూవ్-ఇన్ ఛార్జీ' 3,000 అంటున్నారు. రసీదు ఇవ్వరట. ఇది మేం కట్టాలా, ఓనరా?

బైరాగిపట్టెడ బాబు:
కట్టేయండి అక్కా, లిఫ్ట్ పాడైతే ఎవరు బాగుచేస్తారు?

కోర్టు పక్షి:
రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఏ జనరల్ బాడీ తీర్మానంలో పెట్టారో కాపీ అడగండి. తీర్మానం ఉంటే అది ఓనర్ మీద వేసిన ఛార్జీ. మీ దగ్గర తీసుకోవాలంటే అగ్రిమెంట్‌లో ఆ మాట ఉండాలి.

304 సెక్రటరీ:
ఈ మాట మాత్రం ఒప్పుకోను. సామాను దించేది అద్దెదారు, లిఫ్ట్ తలుపు గీసుకుపోయేది వాళ్ల బీరువాతో. రసీదు ఇవ్వకపోవడం తప్పే, ఛార్జీ తప్పు కాదు.

కడప నుంచి వచ్చాం:
అగ్రిమెంట్‌లో 'మెయింటెనెన్స్ అద్దెదారుదే' అని ఒక్క లైన్ ఉంది. మూవ్-ఇన్ ఛార్జీ దాని కిందకే వస్తుందంటున్నారు ఓనర్ గారు.