ఆటలో చాట్ ఆపేయాలా, పిల్లాడికే రిపోర్ట్ కొట్టడం నేర్పాలా?

వైట్‌ఫీల్డ్ అమ్మ: మా వాడికి 11 ఏళ్లు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడతాడు. మొన్న వాడి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టుకుంటే అవతల ఎవడో పెద్దవాడి గొంతు, అచ్చ తెలుగులో బూతులు. వాడికి చెప్పకుండా చాట్, మైక్ ఆపేద్దామంటారు మావారు. కూర్చోబెట్టి మాట్లాడి, రిపోర్ట్ చేయడం నేర్పుదామంటాను నేను. ఏది నయం?

కేఆర్ పురం శీను: మీవారిదే రైటు. 11 ఏళ్లవాడికి ఊరివాళ్లతో కబుర్లెందుకండీ? అంతగా ఎవడైనా వాగితే రిపోర్ట్ నొక్కండి, వాడి ఐడీ పోతుంది. 1930కి ఫోన్ చేస్తే పోలీసులే చూసుకుంటారు.

నెల్లూరు నాన్న: మాదీ ఇదే గోల. మా వాడు నా ఫోన్లో యూపీఐతో 1,800 రూపాయలు పెట్టి ఆటలో వాడుకునే డైమండ్స్ కొనేశాడు. వెనక్కి వస్తాయా?

వైట్‌ఫీల్డ్ అమ్మ: అది డబ్బు సంగతి కదా అండీ, నేను అడిగింది మాటల గురించి. దానికి వేరే పోస్ట్ పెట్టండి, ఎవరో ఒకరు చెప్తారు.

రాత్రి షిఫ్ట్: నేను ఇక్కడే బెంగళూరులో ఒక గేమ్ కంపెనీకి వచ్చే ఫిర్యాదులు చూసే డెస్క్‌లో నాలుగేళ్లు పనిచేశాను. శీను గారూ, ఐడీ పోయినా మనిషి పోడు. గెస్ట్ అకౌంట్‌తో పది నిమిషాల్లో మళ్లీ వస్తాడు. 1930 ప్రధానంగా డబ్బు మోసాలకి. పిల్లల విషయమైతే cybercrime.gov.inలో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు విడిగా ఒక భాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఇక మాట్లాడటం గురించి. "తెలియనివాళ్లు ఎవరైనా మాట్లాడుతున్నారా?" అని అడగొద్దు. లేరనే అంటాడు, అబద్ధం కూడా కాదు. మూడు మ్యాచ్‌లు కలిసి ఆడాక ఆ మనిషి వాడి లెక్కలో తెలియనివాడు కాదు, "స్క్వాడ్ అన్న". అందుకని ఫ్రెండ్స్ లిస్ట్ తెరిపించి, ఒక్కో పేరు మీద వేలు పెట్టి "ఇతన్ని స్కూల్లోనో అపార్ట్‌మెంట్లోనో చూశావా?" అని అడగండి. కోప్పడకుండా, వాడి పక్కనే కూర్చుని. ఫోన్ లాక్కుంటారని తోచిందంటే ఆ లిస్ట్ మళ్లీ మీకు చూపించడు.

వైట్‌ఫీల్డ్ అమ్మ: నిన్న రాత్రి అన్నం పెట్టాక మీరు చెప్పినట్టే చేశాను. లిస్ట్‌లో 43 మంది ఉంటే వాడు కళ్లతో చూసినవాళ్లు 9 మంది. చూడని 34 మందిలో ఒక "అన్న" వాడికి డైమండ్స్ వేశాడట. అవన్నీ మోసం, ఎవరూ ఊరికే వేయరని నేను ముందే చెప్పి ఉన్నాను. "నువ్వు రావన్నావు, నిజంగానే వచ్చాయిగా అమ్మా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు ఆ అన్న వాట్సాప్ నంబర్ అడుగుతున్నాడట.

కేఆర్ పురం శీను: చూశారా, అందుకే ఆపేయమన్నది.

రాత్రి షిఫ్ట్: ఎక్కువమంది తల్లిదండ్రులు దెబ్బతినేది అక్కడే. యూఐడీ అనే ఆ అంకెల ఐడీ తెలిస్తే చాలు, ఎవరైనా ఎవరి ఖాతాలోనైనా డైమండ్స్ వేయొచ్చు. కాబట్టి లాగిన్, ఓటీపీ అడిగేవాడు దొంగే, అందులో అనుమానం లేదు. కానీ ఏమీ అడక్కుండా వేసేవాడు మోసగాడిలా కనిపించడు. ముందు ఇస్తాడు, పిల్లాడికి రుణపడ్డట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత చాట్‌ని ఆట బయటికి లాగుతాడు. అక్కడ గేమ్ కంపెనీకి కనిపించదు, రిపోర్ట్ బటన్ ఉండదు. మీ వాడితో "అన్నీ అబద్ధం" అనకండి. "ఇచ్చినవాడు తర్వాత ఏమడిగాడో అది నాకు చెప్పు" అనండి. డైమండ్స్ తిరిగి ఇవ్వక్కర్లేదని, అందుకు వాడిని తిట్టరని కూడా చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది, ఇదే వరసలో: ముందు ఆ చాట్ మొత్తం స్క్రీన్‌షాట్ తీయించండి. తర్వాత అతని ప్రొఫైల్‌లో యూఐడీ కనిపించేలా ఇంకొకటి. పేరు రేపు మార్చుకోవచ్చు, ఆ అంకె మారదు. అప్పుడు రిపోర్ట్, చివర్లో బ్లాక్. కోపంలో ముందు బ్లాక్ చేస్తే చాలా ఆటల్లో చాట్ కూడా కంటికి కనపడకుండా పోతుంది, చేతిలో ఏమీ మిగలదు. జవాబు మాత్రం ఇవ్వొద్దు, "మా అమ్మ చూసింది" అని కూడా. అన్నాడంటే అతను జారుకుంటాడు.

వైట్‌ఫీల్డ్ అమ్మ: రిపోర్ట్ ఇదివరకే కొట్టానన్నాడు, ఆ బూతులవాడి మీద. ఏం జరగలేదట.

రాత్రి షిఫ్ట్: ఏ కారణం ఎంచుకున్నాడో అడగండి. పిల్లలు ఓడించినవాడైనా తిట్టినవాడైనా అలవాటుగా "హ్యాకర్" అని నొక్కేస్తారు. అది ఆటలో మోసం జరిగిందా అని చూసేవైపు వెళ్తుంది, చాట్‌లో ఏముందో చూసేవాళ్ల దగ్గరికి రాదు. ఇంకోటి, ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన తెలుగు బూతు ఫిల్టర్‌కి చాలాసార్లు దొరకదు. డెస్క్ మీద ఉన్నవాడికి తెలుగు వచ్చి ఉండాలనీ లేదు. వివరం రాసే చోటు ఉంటే ఆ మాటకి ఇంగ్లీషులో అర్థం ఒక్క ముక్క రాయండి. తెలుగు వచ్చని నా టేబుల్ మీదికి పక్కవాళ్లు తెచ్చిపడేసిన బూతుల చిట్టా ఇప్పటికీ గుర్తుంది, అది వేరే కథ.

గొంతుతో తిట్టింది పట్టుకోవడం కష్టం. కొన్ని ఫోన్లలో మైక్ నడుస్తుంటే స్క్రీన్ రికార్డర్‌లో అవతలి గొంతు రాదు. ఇంట్లో రెండు ఫోన్లు పెట్టుకుని ఒకసారి చూసుకోండి, అవసరమొచ్చాక కాదు.

ప్లస్ టూ అక్క: నాకు 17, నేనూ ఆడతాను. మైక్ చెప్పకుండా ఆపితే మీ వాడు రెండు రోజుల్లో కనిపెడతాడు అత్తా, సెట్టింగ్స్ మీకన్నా వాడికే బాగా తెలుసు. మా తమ్ముడు రోబ్లాక్స్ ఆడతాడు. అందులో ఇప్పుడు ముఖం చూసి వయసు అంచనా వేశాకే చాట్ తెరుచుకుంటుంది. వాడు ఏడుస్తున్నాడని మా నాన్న తన ముఖం చూపించి తెరిచిపెట్టారు. దాంతో తొమ్మిదేళ్లవాడు పెద్దవాళ్ల వయసు గుంపులోకి వెళ్లాడు! వాడి వయసువాళ్లతో చాట్ కష్టమైంది, పెద్దవాళ్లతో సులువైంది.

కేఆర్ పురం శీను: అమ్మో, నేనూ మా పాపకి అదే చేశాను. ఇవాళే సరిచేస్తా. అయినా నా మాట నాదే. నేర్పడం సరే, ప్రతి మ్యాచ్‌కీ స్క్రీన్‌షాట్లు తీస్తూ కూర్చోవడం 11 ఏళ్లవాడి పనా? పన్నెండు దాటేదాకా మైక్ వద్దు. వాడికి చెప్పే ఆపండి, దొంగతనంగా వద్దు.

రాత్రి షిఫ్ట్: చెప్పి ఆపితే నాకూ అభ్యంతరం లేదు. అన్నీ ఆపితే స్కూలు ఫ్రెండ్స్‌తో ఆడటం పోతుంది, అప్పుడు డిస్కార్డ్ అనే చాట్ యాప్ కావాలంటాడు. దానికి 13 నిండాలన్నది వాళ్ల నియమమే, పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి వేసుకుంటారు. అది మీకు కనిపించదు.

అమ్మగారూ, ఆ అన్న ఫోటో ఏదైనా అడిగాడా, పంపాడా, అదొక్కటి ఇవాళే నెమ్మదిగా కనుక్కోండి. అలాంటిదేమైనా ఉంటే ఆ బొమ్మని సలహా కోసమని కూడా ఏ గ్రూపులోనూ పంపొద్దు, పిల్లల అశ్లీల చిత్రాలైతే పంపడమే నేరం. ఫోన్ అలాగే ఉంచి నేరుగా ఫిర్యాదు చేయండి.

వైట్‌ఫీల్డ్ అమ్మ: అడిగాను. ఫోటో లేదట. నంబర్ మాత్రమే అడిగాడు, వీడు ఇవ్వలేదు. నాలుగు స్క్రీన్‌షాట్లు తీశాడు, యూఐడీ వాడే చూపించాడు. రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేశాం. పాత 34 మందిలో 20 మందిని వాడే తీసేశాడు. మిగతా 14 మంది "బాగా ఆడతారు" అంటాడు. మావారు మాత్రం మైక్ ఆపే ఉంచారు, ఆదివారం మళ్లీ దాని మీద ఇంట్లో పంచాయితీ.