ఎన్‌కోడర్ కౌంట్ తప్పకుండా ఉండాలంటే ఇంటరప్టా, హార్డ్‌వేర్ కౌంటరా?

లేత్‌గది: 600 పీపీఆర్ ఆప్టికల్ ఎన్‌కోడర్‌ని డీసీ మోటార్ షాఫ్ట్‌కి నేరుగా బిగించాను. బోర్డు ఆర్డ్యునో ఊనో. ఏ, బీ రెండు వైర్ల మీదా `attachInterrupt` ని `CHANGE` లో పెట్టి, లోపల `digitalRead` తో చదువుతున్నాను. చేత్తో తిప్పితే రౌండుకి సరిగ్గా 2400 వస్తోంది. 3000 ఆర్పీఎం దగ్గర కౌంట్ తగ్గిపోతోంది, ఒక్కోసారి వెనక్కి కూడా నడుస్తోంది. కోడ్ సరిచేస్తే చాలా, బోర్డే మార్చాలా?

ఎనిమిదిబిట్: బోర్డు మార్చక్కర్లేదండీ. సెకనుకి 50 రౌండ్లు, అంటే 1,20,000 ఎడ్జ్‌లు. ఒక్కోదానికి 8.3 మైక్రోసెకన్లు, 16 మెగాహెర్ట్జ్ దగ్గర 133 సైకిళ్లు. మీ `digitalRead` లే అందులో చాలా భాగం తినేస్తున్నాయి. `ISR(INT0_vect)` నేరుగా రాసి, `PIND` ఒక్కసారి చదివి, పాత స్థితి నుంచి కొత్త స్థితికి ఎంత కలపాలో చెప్పే టేబుల్ చూసి కూడితే సగం సైకిళ్లలో అయిపోతుంది.

సర్వోమేస్త్రి: లెక్క తప్పు కాదు, కానీ ఆ 8.3 సగటు మాత్రమే. ఏ, బీల మధ్య తేడా ఎప్పుడూ కచ్చితంగా 90 డిగ్రీలు ఉండదు, కాబట్టి కొన్ని ఎడ్జ్‌లు ఇంకా దగ్గరగా పడతాయి. పైగా `millis()` కోసం టైమర్ ఇంటరప్ట్ దాదాపు ప్రతి మిల్లీసెకనుకీ వస్తుంది, సీరియల్ వాడితే అదీ వస్తుంది. అవి నడుస్తున్నంతసేపు మీ ఇంటరప్ట్ ఆగాల్సిందే.

కౌంట్ వెనక్కి ఎందుకు నడుస్తోందో చూడండి. నాలుగు స్థితులు చుట్టూ తిరుగుతుంటాయి. రెండు అడుగులు ఆలస్యంగా చూస్తే 00 నుంచి 11 కి దూకినట్టుంటుంది, ఎటు తిరిగిందో తెలియదు. మూడు అడుగులు ఆలస్యమైతే అచ్చం ఒక అడుగు వెనక్కి వేసినట్టే కనిపిస్తుంది. టేబుల్ దాన్ని నిజమని నమ్మి ఒకటి తీసేస్తుంది, మొత్తం నాలుగు పోతాయి. టేబుల్ ఎంత బాగా రాసినా దీన్ని పట్టుకోలేదు.

రోబోకుర్రాడు: అన్నా, నేను ఈఎస్‌పీ32 మీద ఉత్త ఇంటరప్ట్‌లతోనే నడుపుతున్నా, ఒక్క కౌంట్ పోలేదు. గేర్ మోటార్, 11 పీపీఆర్ మాగ్నెటిక్ ఎన్‌కోడర్. ఊనో పాతది, అదే సమస్య.

సర్వోమేస్త్రి: తమ్ముడూ, నీ మోటార్ 6000 ఆర్పీఎం తిరిగినా సెకనుకి 4,400 ఎడ్జ్‌లే. ఆయనకి 27 రెట్లు ఎక్కువ వస్తున్నాయి. నీ కోడ్ ఊనోలో కూడా నడుస్తుంది.

లేత్‌గది గారూ, ఎస్‌టీఎం32ఎఫ్103 బోర్డులో టైమర్లకే ఎన్‌కోడర్ మోడ్ ఉంది, ఇంటరప్ట్ లేకుండా హార్డ్‌వేరే లెక్కపెడుతుంది. `TIM4` వాడండి, దాని `PB6`, `PB7` పిన్‌లు 5 వోల్టులు తట్టుకుంటాయి. చాలామంది వాడే `TIM2` పిన్‌లు `PA0`, `PA1` తట్టుకోవు. కౌంటర్ 16 బిట్లే కాబట్టి మీ స్పీడులో 0.55 సెకనుకోసారి చుట్టు తిరిగి వస్తుంది. మిల్లీసెకనుకోసారి తేడా తీసుకుంటే 120 దగ్గర ఉంటుంది, ఇబ్బంది లేదు:

```c
uint16_t now = TIM4->CNT;
pos += (int16_t)(now - last);
last = now;
```

`pos` మాత్రం `int32_t` గా పెట్టండి.

స్కోప్‌చూడు: హార్డ్‌వేర్ కౌంటర్ పెడితే ఇక పోదనుకోకండి. ఈ 600 పీపీఆర్ ఎన్‌కోడర్లు చాలావరకు ఓపెన్ కలెక్టర్, అంటే సిగ్నల్‌ని కిందికి లాగుతాయే గానీ పైకి లేపవు, ఆ పని పుల్‌అప్ రెసిస్టర్‌దే. లోపలి పుల్‌అప్ సుమారు 40 కిలోఓమ్‌లు, కేబుల్‌తో కలిపి 300 పికోఫారడ్‌లు అనుకుంటే సిగ్నల్ సగం పైకి లేవడానికే 8 మైక్రోసెకన్లు. దిగడం మాత్రం వెంటనే దిగుతుంది. ఆ స్పీడులో రెండు ఎడ్జ్‌ల మధ్య ఉన్నదే 8.3! బీ లేవడం, ఏ దిగడం ఒకే క్షణంలో పడతాయి. కౌంటర్ ఏం చేస్తుంది పాపం, పిన్ మీద ఉన్నదే లెక్కపెడుతుంది. ప్రతి వైరుకీ 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ 3.3 వోల్టులకి పెట్టండి, లేవడం అర మైక్రోసెకనులో అయిపోతుంది. చేత్తో తిప్పితే ఈ లోపం ఎప్పటికీ కనబడదు.

ఎనిమిదిబిట్: సరే, ఊనోలోనే ఏ పైకి లేచినప్పుడు మాత్రం ఇంటరప్ట్ తీసుకుని బీ చూస్తే? సెకనుకి 30,000 మాత్రమే, 33 మైక్రోసెకన్ల తీరిక.

సర్వోమేస్త్రి: స్పీడ్ కొలవడానికి ఓకే. పొజిషన్‌కి వద్దు. మోటార్ ఆగినప్పుడు షాఫ్ట్ సరిగ్గా ఏ ఎడ్జ్ మీద నిలబడి కొద్దిగా వణికిందనుకోండి. లేచిన ప్రతిసారీ ఒకటి కలుస్తుంది, దిగినప్పుడు తీసేసేవాడు లేడు. కదలని మోటార్‌కి కౌంట్ పెరుగుతూ పోతుంది.

ఎనిమిదిబిట్: సాఫ్ట్‌వేర్‌లో దానికీ మందుంది. బీ మారాకే తర్వాతి ఏ ని ఒప్పుకోవాలి.

సర్వోమేస్త్రి: బీ మారిందని తెలియాలంటే బీ మీదా ఇంటరప్ట్ పెట్టాలిగా. మళ్లీ మొదటికొచ్చాం.

ఎనిమిదిబిట్: ఒక్క వైపు ఎడ్జే చాలు, నాలుగు రెట్లు అక్కర్లేదు. నేనైతే ఇంకా ఊనోనే అంటాను.

లేత్‌గది: నాకు కావాల్సింది పొజిషనే. స్కోప్ లేదు. ముందు ఊనోలోనే 2.2 కె పెట్టి చూడొచ్చా?

స్కోప్‌చూడు: చూడొచ్చు, ఊనోలో 5 వోల్టులకి పెట్టండి. కోడ్ ముట్టుకోవద్దు. షాఫ్ట్ మీద మార్కర్‌తో గీత గీసి, ఫుల్ స్పీడులో తిప్పి ఆపి, గీతని చేత్తో మొదటి చోటికి తెచ్చి కౌంట్‌ని 2400 తో భాగించండి. శేషం సున్నాకి దగ్గరగా రావాలి. రెసిస్టర్ పెట్టాక తేడా తగ్గితే వైరింగ్ కూడా దొంగే. ఏమీ మారకపోతే `TIM4` కి వెళ్లండి.