బెట్ తీసుకున్నది సైటే, గెలిచాక చెల్లదంటున్నదీ సైటే

వెన్నెలబాట:
ఒక ఆన్‌లైన్ కాసినో సైట్‌లో 100 డిపాజిట్ చేస్తే 100 బోనస్ వచ్చింది. బోనస్‌కి 35 రెట్లు, అంటే మొత్తం 3500 పందేలు, ఏడు రోజుల్లో ఆడాలి. అదంతా పూర్తిచేసి 640 విత్‌డ్రా పెట్టాను. నా 100 వెనక్కిచ్చి మిగతా 540 రద్దు చేశారు. ఒక్కో బెట్ 5 దాటకూడదట, నేను 11 స్పిన్‌లలో దాటానట. నాకు గుర్తున్నంతవరకు 4.80కి మించి పెట్టనేలేదు. ఒకవేళ దాటినా, అప్పుడే ఆపొచ్చు కదా? ఆడనిచ్చి, గెలిచాక రద్దు చేయడం న్యాయమేనా?

సూటిగా:
న్యాయమే అంటాను. షరతులకి టిక్ పెట్టింది మీరే. చదవకుండా సంతకం పెట్టి తర్వాత తెలియదంటే ఎలా? ఇప్పుడు చాలా సైట్లలో ఈ లిమిట్ ఉంటుంది, దాచిందేమీ కాదు.

మూడోపేజీ:
నాకూ ఇలాగే అయింది. నేను బ్లాక్‌జాక్ ఆడాను. రెండు రోజులు కూర్చున్నా, ఎంత ఆడామో చూపించే వేజరింగ్ గీత పెద్దగా కదల్లేదు. అడిగితే ఆ ఆటలో పందెం పదోవంతే లెక్కలోకి వస్తుందన్నారు. ఆ లెక్కన 3500 పూర్తవ్వాలంటే 35,000 ఆడాలి. ఈలోగా గడువు అయిపోయింది, బోనస్ పోయింది. వెన్నెలబాట గారూ, మీరు ఏ ఆట ఆడారో ముందు చూసుకోండి, సమస్య అక్కడే ఉంటుంది.

లెక్కలరావు:
మూడోపేజీ గారూ, మీది వేరే సంగతి. లెక్కలోకి తక్కువగా వచ్చే ఆట ఆడితే సమయం పోతుంది. నిషేధించిన ఆట ఒక్క స్పిన్ ఆడినా గెలుపు మొత్తం పోవచ్చు. ఈ రెండు జాబితాలూ షరతుల్లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు. వెన్నెలబాట గారి గొడవ మాత్రం బెట్ సైజుది.

ముందు సైట్ వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఈ లిమిట్‌కి అసలైన కారణం ఒకటుంది. లిమిట్ లేదనుకోండి. ఒకతను తన 100, బోనస్ 100, మొత్తం 200 సుమారు సగం సగం అవకాశమున్న ఒకే బెట్‌లో పెట్టేస్తాడు. ఓడితే పోయేది తన 100, ఆట అక్కడితో సరి. గెలిస్తే చేతిలో 400. ఇంకా 3300 ఆడాలి. ఆటలో సైట్ వాటా నూటికి 4 అనుకుంటే సగటున 132 పోయి 268 మిగులుతుంది. అది రెండుసార్లలో ఒకసారి కాబట్టి సగటు 134. పెట్టింది 100. అంటే ఇలా బోనస్ తీసుకుంటే సగటున సైట్‌కే నష్టం. అదే 5 లోపు బెట్లతో 3500 ఆడితే సైట్ వాటా 140, ఇచ్చిన బోనస్ కంటే ఎక్కువ. లిమిట్ పెట్టడాన్ని నేను తప్పుపట్టను.

తప్పు దాన్ని అమలుచేసే తీరులో ఉంది. మీ ఖాతాలో బోనస్ నడుస్తోందని సైట్‌కి తెలుసు, ఎంత ఆడారో స్పిన్ స్పిన్‌కీ లెక్క కడుతోంది. ఆ లెక్క కట్టగలిగినప్పుడు 5 దాటిన బెట్‌ని ఆపడం కష్టమేం కాదు. కొన్ని సైట్లు ఆపుతున్నాయి కూడా. ఆపని చోట ఏమవుతుందంటే, 6 పెట్టి మొత్తం ఓడిపోయినవాడి చరిత్ర ఎవరూ తీయరు, వాడి డబ్బు వెనక్కి రాదు. గెలిచి విత్‌డ్రా పెట్టినవాడిదే తీస్తారు. ఒకే తప్పుకి ఓడినవాడి దగ్గర బెట్ చెల్లుతుంది, గెలిచినవాడి దగ్గర చెల్లదు. నాకు మింగుడుపడనిది ఇదే.

వెన్నెలబాట గారూ, ఆ స్లాట్ ఆటలోనే ఉండే బోనస్ రౌండ్ వచ్చే అవకాశం పెంచే మీట ఏదైనా నొక్కారా? మీ ఆట చరిత్ర అడిగి తీసుకోండి. స్పిన్ సమయం, బెట్, వచ్చింది, మూడూ ఉండాలి.

సూటిగా:
లెక్క ఒప్పుకుంటాను. అయినా సాఫ్ట్‌వేర్ ఆపలేదు కాబట్టి షరతు లేనట్టే అంటే కుదరదు. ఒప్పందం ఒప్పందమే.

పాతకాపు:
ఒప్పందమైనంత మాత్రాన అన్నీ చెల్లవండీ. బ్రిటన్‌లో పోటీ, మార్కెట్ల సంస్థ ఇదే విషయం మీద విచారణ చేసి 2018లో కొన్ని పెద్ద కంపెనీల చేత హామీలు రాయించుకుంది. ఆట మీద ఆంక్షలుంటే స్పష్టంగా చెప్పాలి, అస్పష్టమైన షరతులు చూపించి ఆటగాళ్ల డబ్బు లాక్కోకూడదు అన్నది అందులో ఉంది. 2026 జనవరి 19 నుంచి అక్కడ వేజరింగ్‌నే 10 రెట్లకి కట్టేశారు. మీ 35 రెట్లు అక్కడ ఇవ్వనే ఇవ్వలేరు. కాకపోతే ఇవన్నీ అక్కడి లైసెన్స్ ఉన్నవాళ్లకే. లైసెన్స్ ఎక్కడిదో చూడకుండా నియమాలు చెప్పి లాభం లేదు.

గడువు సంగతి కూడా ఒక మాట. చాలామంది లిమిట్‌కి భయపడి 0.20తో ఆడతారు. 3500కి అవి 17,500 స్పిన్‌లు. నిమిషానికి పది చొప్పున 29 గంటలు, ఏడు రోజుల్లో రోజుకి నాలుగు గంటల పైనే. అదే 1 చొప్పున అయితే ఆరు గంటల్లో తేలిపోతుంది. పెద్ద బెట్ పెడితే లిమిట్ అడ్డం, చిన్నది పెడితే గడువు అడ్డం. ఆ రెండూ రెండు వేర్వేరు పేజీల్లో ఉంటే ఎవరు కలిపి చూస్తారు?

వెన్నెలబాట:
చరిత్ర వచ్చింది. రావు గారు చెప్పిందే. నా బెట్ 4.80. మీట నొక్కినప్పుడు నాలుగోవంతు ఎక్కువ పడి స్పిన్ 6.00 అయింది. కొత్త అంకె తెర మీద కనిపిస్తుంది, కానీ అడుగున చిన్న అక్షరాల్లో. 11 స్పిన్‌ల తర్వాత నేనే మీట ఆపేశాను. ఆ 11కి పెట్టింది 66, వచ్చింది 41. అంటే ఆ స్పిన్‌లలో నేను 25 పోగొట్టుకున్నాను. మిగతాదంతా 5 లోపు ఆడి గెలిచిందే. ఇక దేనికి 540 రద్దు?

లెక్కలరావు:
ఈ 25 నష్టమే మీ ఫిర్యాదులో మొదటి వాక్యం కావాలి. దాటిన స్పిన్‌ల వల్ల మీకు పైసా లాభం రాలేదని చరిత్రే చెబుతోంది. ఆ మీట వల్ల పడే అదనం కూడా లిమిట్‌లోకి వస్తుందని షరతుల్లో రాసి ఉందా, చూడండి. బోనస్ రౌండ్‌ని నేరుగా కొనడం గురించి కొన్ని సైట్లు విడిగా రాస్తాయి. 0.20 స్పిన్ మీద వంద రెట్లు పెట్టి కొంటే ఒక్క నొక్కుతో 20 అవుతుంది. ఈ మీట గురించి రాయకపోతే మీ వాదనకి బలం. మీరు ఒప్పుకున్న రోజు నాటి షరతుల కాపీ అడగండి, ఈరోజు పేజీ మారి ఉండొచ్చు. ముందు సైట్‌కే రాతపూర్వకంగా పెట్టండి. కాదంటే లైసెన్స్ ఇచ్చిన సంస్థకి.

సూటిగా:
ఈ కేసులో 540 తీసుకోవడం ఎక్కువే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ 11లో ఒక స్పిన్‌కి 300 వచ్చి ఉంటే? మిగతా ఆటంతా ఆ 300 మీదే నడిచేది కదా. అప్పుడు ఎంత తీసేయాలి?

లెక్కలరావు:
ఆ 300 తీసేస్తే సరిపోతుందని నేనంటాను. తర్వాత ఆడినదంతా దాని మీదే నిలబడిందని సైట్ అంటుంది. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. బెట్‌ని అక్కడే ఆపి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

వెన్నెలబాట:
షరతుల్లో "ఒక్కో స్పిన్‌కి గరిష్ఠ బెట్ 5" అని మాత్రమే ఉంది, మీట మాట లేదు. ఒప్పుకున్న రోజు నాటి కాపీ అడిగాను. చాట్‌లో "సంబంధిత విభాగానికి పంపాం" అన్నారు. వచ్చాక ఇక్కడ పెడతాను.