పదే పదే ఆలస్యం అని షోకాజ్ నోటీసు: ఉన్నదున్నట్టు రాస్తే ఇరుక్కుంటామా?

శ్రావణ్_క్యూసీ
నిన్న సాయంత్రం షోకాజ్ నోటీసు చేతికిచ్చి సంతకం తీసుకున్నారు. గత మూడు నెలల్లో 11 రోజులు ఆలస్యంగా వచ్చానని తేదీలు, పంచ్ టైములతో సహా పట్టిక పెట్టారు. "పలుమార్లు హెచ్చరించినా అలవాటుగా ఆలస్యంగా వస్తున్నారు, క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలపండి" అని ఉంది.

ఆఫీసు 9 గంటలకు, 10 నిమిషాలు గ్రేస్. నేను చాలా రోజులు 9:25, 9:40 మధ్య వచ్చిన మాట నిజం. మా ఆవిడకు నైట్ షిఫ్ట్ పడింది. ఆమె ఇంటికి చేరేసరికి 8:45 అవుతుంది, రెండేళ్ల పాపను ఒంటరిగా వదలలేను. జవాబు రాయడం మొదలుపెడితే మిగతావాళ్లూ లేటుగా వస్తారనీ, నేను సాయంత్రం ఎక్కువసేపు ఉంటాననీ వాదనలాగా వచ్చేసింది. అవి తీసేస్తే రెండు వాక్యాలు కూడా మిగలడం లేదు. మేనేజర్‌కు విషయం నోటిమాటగా చెప్పాను, "సరే, చూసుకో" అన్నారు. అది రాయాలా వద్దా?

సూర్య_77
ఆ 11 రోజులకు జీతం గానీ లీవు గానీ కోశారా? కోస్తే కథ అక్కడితో అయిపోయింది. ఒకే తప్పుకు రెండు శిక్షలు వేయడానికి వీల్లేదు. అదొక్కటే రాసి పంపండి, మాట్లాడకుండా నోటీసు వెనక్కి తీసుకుంటారు.

లక్ష్మి_క్యాష్ సెక్షన్
మాది కేంద్ర ప్రభుత్వ ఆఫీసు. గంటలోపు ఆలస్యమైతే, కారణం సరైనదనిపిస్తే నెలలో రెండుసార్ల వరకు అధికారి మన్నించవచ్చు. ఆ పైన ప్రతి ఆలస్యానికి సగం రోజు సీఎల్ పోతుంది. మీరు అలాగే సీఎల్ పెట్టేసుకుంటే సరిపోదా? నోటీసు దాకా ఎందుకు వచ్చింది?

శ్రావణ్_క్యూసీ
మేడం, మాది ప్రైవేటు. రెండు నెలల్లో సగం రోజు లెక్కన లీవు కోశారు, అయినా నోటీసు ఇచ్చారు.

సూర్య_77
చూశారా, చెప్పాను కదా. లీవు కోశాక ఇంకేం నోటీసు?

వెంకట్_హెచ్ఆర్
ఫ్యాక్టరీలోనూ ఆఫీసులోనూ కలిపి 20 ఏళ్లకు పైగా ఈ జవాబులే చదివాను, విచారణాధికారిగా కూర్చున్నాను కూడా. సూర్య గారి సలహా పాటిస్తే ఉద్యోగానికే ముప్పు. పనిచేయని సమయానికి జీతమో లీవో పోవడం హాజరు లెక్క. క్రమశిక్షణ చర్య ప్రవర్తనకు సంబంధించినది. లక్ష్మి గారు చెప్పిన కేంద్ర ప్రభుత్వ ఆదేశాల్లోనే, సీఎల్ కోయడంతో పాటు అలవాటుగా ఆలస్యమయ్యేవారిపై క్రమశిక్షణ చర్య కూడా తీసుకోవచ్చని ఉంది. ప్రైవేటులో మీ స్టాండింగ్ ఆర్డర్లు లేదా సర్వీస్ రూల్స్ చూడాలి. చాలా చోట్ల అలవాటుగా ఆలస్యంగా రావడం దుష్ప్రవర్తనల జాబితాలోనే ఉంటుంది.

శ్రావణ్, వాక్యాల సంగతి తర్వాత. ముందు ఆ పట్టికను మీ సొంత పంచ్ రికార్డు పక్కన పెట్టుకుని తేదీ తేదీకీ చూడండి. పర్మిషన్ తీసుకున్న రోజులు, బయట డ్యూటీకి వెళ్లిన రోజులు అందులో కలిసిపోయి ఉంటాయి. తర్వాత మీ ఆవిడ షిఫ్ట్ రోస్టర్ తీసుకుని అవే తేదీలతో సరిచూడండి. ఆమె వీక్లీ ఆఫ్ రోజున మీరు లేటుగా వచ్చి ఉండి, 11 రోజులకీ ఇదే కారణమని రాస్తే, ఆ ఒక్క తేదీతో మిగతా పది రోజుల నిజం కూడా అబద్ధమైపోతుంది. మేము మొదట వెతికేది అదే.

సూర్య_77
మేనేజ్‌మెంట్ తరఫున కూర్చున్నవాళ్లు ఇలాగే మాట్లాడతారు. ఆయన తప్పులు ఆయనతోనే వెతికిస్తున్నారు.

మౌనిక_ఎల్
నాకు జరిగింది చెప్తాను. పాత కంపెనీలో ఇలాంటి నోటీసే వచ్చింది. భయపడిపోయి "నా నిర్లక్ష్యం వల్లే జరిగింది, క్షమించండి, ఇకపై ఒక్క రోజు కూడా ఆలస్యం కానివ్వను" అని రాసిచ్చాను. మా టీమ్ లీడే అలా రాయమంది, రాస్తే ఫైల్ మూసేస్తారంది. మూయలేదు. నేనే ఒప్పుకున్నానని విచారణ కూడా లేకుండా ఇంక్రిమెంట్ ఆపేశారు. తర్వాత వర్షంలో ఒక రోజు లేటైతే నా లెటరే తీసి నా ముందు పెట్టారు. సారీ అనే మాటే రాయకండి.

కిరణ్_బి
మా దగ్గర బయోమెట్రిక్ వేలిముద్ర సరిగ్గా పడదు. మూడోసారికో నాలుగోసారికో పడుతుంది, ఈలోపు టైం దాటిపోతుంది. ఇలాంటి కేసులో ఏం రాయాలి ఎవరైనా చెప్పండి.

వెంకట్_హెచ్ఆర్
మౌనిక గారు, మిమ్మల్ని ముంచింది సారీ కాదు. "నిర్లక్ష్యం" అనే మాట ముంచింది. ఆలస్యంగా వచ్చానని ఒప్పుకోవడం వేరు, ఆరోపణ మొత్తం ఒప్పుకోవడం వేరు. మొదటిది రికార్డులో ఉన్నదే, కాదంటే నమ్మరు. రెండోది మీరే రాసిస్తే ఇక విచారించడానికి ఏమీ మిగలదు. "దీనివల్ల టీమ్‌కు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాను" అంటే మర్యాద ఉంటుంది, ఉద్దేశపూర్వకంగా చేశానని ఒప్పుకున్నట్టూ అవదు.

మౌనిక_ఎల్
మీకు తేలిగ్గానే ఉంటుంది సార్. నోటీసు చేతిలో పెట్టి, సాయంత్రంలోగా ఇవ్వకపోతే బాగుండదని అంటే ఎవరికి ఈ తేడాలన్నీ గుర్తుంటాయి? ఆ లెటర్ తీసుకున్న హెచ్ఆర్‌కు తేడా తెలుసు కదా. తెలిసీ ఎందుకు చెప్పలేదు?

వెంకట్_హెచ్ఆర్
చెప్పి ఉండాల్సింది. నా దగ్గరకు అలాంటి లెటర్ వస్తే వెనక్కిచ్చి మళ్లీ ఆలోచించుకుని రాయమనేవాడిని. గడువు చాలకపోతే, గడువు తీరకముందే పంచ్ రికార్డు కాపీ కావాలనీ, ఇంకో రెండు మూడు రోజులు ఇవ్వమనీ మెయిల్ పెట్టాలి. అడిగినట్టు రికార్డు ఉంటుంది.

సూర్య_77
విచారిస్తున్నాను అన్నా ఒప్పుకున్నట్టే. ఈ తేడా కాగితం మీద బాగుంటుంది గానీ చర్య తీసుకునేవాడు ఎలా కావాలంటే అలా చదువుకుంటాడు. పైగా అందరూ లేటుగా వస్తుంటే ఒక్కడికే నోటీసు ఎందుకు? అది తప్పకుండా రాయాలి.

వెంకట్_హెచ్ఆర్
రాస్తే పక్క సీటువాళ్లకూ నోటీసులు వెళ్తాయి. శ్రావణ్‌కు ఒక్క రోజు కూడా తగ్గదు. వివక్ష నిజంగా జరిగితే అది విడిగా, ఆధారాలతో పెట్టాల్సిన ఫిర్యాదు.

సూర్య_77
అలా భయపెట్టే అందరి నోళ్లూ మూయిస్తారు. నేను చూసిన కేసుల్లో గట్టిగా నిలబడ్డవాళ్లే బయటపడ్డారు.

శ్రావణ్_క్యూసీ
రాత్రి కూర్చుని తేదీలన్నీ చూశాను. 11లో ఒక రోజు నాకు పర్మిషన్ ఉంది, మేనేజర్ ఓకే అన్న మెయిల్ దొరికింది. ఇంకో రోజు మా ఆవిడ వీక్లీ ఆఫ్, ఆ రోజు ఆలస్యానికి చెప్పదగ్గ కారణం ఏమీ లేదు. మిగతా తొమ్మిదీ రోస్టర్‌తో సరిపోయాయి. డే కేర్ కూడా దొరికింది. 7:30కే తీస్తారు, అడ్మిషన్ రసీదు ఉంది, వచ్చే సోమవారం నుంచి పాప వెళ్తుంది. ఇలా రాశాను, చూడండి.

"మీ నోటీసు అందింది. అందులోని 11 తేదీలను నా హాజరు రికార్డుతో సరిచూసుకున్నాను. వాటిలో 14వ తేదీన ఆలస్యంగా రావడానికి ముందుగా అనుమతి తీసుకున్నాను, ఆ మెయిల్ జతచేశాను. మిగిలిన పది రోజులు గ్రేస్ సమయం దాటాక వచ్చాను. తొమ్మిది రోజులు నా భార్య రాత్రి షిఫ్ట్ ముగించుకుని 8:45కు ఇంటికి చేరేవరకు రెండేళ్ల పాపను చూసుకోవాల్సి రావడం దీనికి కారణం. ఆమె షిఫ్ట్ రోస్టర్ జతచేశాను. మిగతా ఒక రోజు, 27వ తేదీ ఆలస్యానికి ఇది కారణం కాదు. ఈ పరిస్థితిని అప్పుడే రాతపూర్వకంగా తెలియజేయలేదు. నా ఆలస్యం వల్ల ఉదయం తనిఖీ మొదలుకావడంలో టీమ్‌కు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాను. ఇది ఉద్దేశపూర్వకంగా చేసింది కాదు. వచ్చే సోమవారం నుంచి పాపను ఉదయం 7:30కు డే కేర్‌లో దింపే ఏర్పాటు చేసుకున్నాను, అడ్మిషన్ రసీదు జతచేశాను. ఈ వివరణను పరిగణనలోకి తీసుకుని తదుపరి చర్య లేకుండా ముగించవలసిందిగా కోరుతున్నాను."

వెంకట్_హెచ్ఆర్
బాగుంది. 27వ తేదీ విడిగా రాయడం వల్ల ఆ తొమ్మిది రోజుల మీద నమ్మకం పెరుగుతుంది. ఇకపై ఎప్పుడూ ఆలస్యం కాదని మాట ఇవ్వకుండా, ఏం ఏర్పాటు చేశారో, ఎప్పటి నుంచో రాశారు. అదే కావాలి. ఒకటి మిగిలింది. "పలుమార్లు హెచ్చరించినా" అని నోటీసులో ఉంది కదా. అంతకుముందు మెమో గానీ మెయిల్ గానీ వచ్చిందా? రాకపోతే "రాతపూర్వక హెచ్చరిక ఏదీ నాకు అందలేదు, ఉంటే కాపీ ఇవ్వగలరు" అని ఒక్క వాక్యం చేర్చండి. ఊరుకుంటే హెచ్చరికలు నిజమేనన్నట్టు అవుతుంది.

లక్ష్మి_క్యాష్ సెక్షన్
నోటిమాటగా చెప్పి ఉంటారు కదా, అదీ హెచ్చరికే.

శ్రావణ్_క్యూసీ
రాతపూర్వకంగా ఏదీ రాలేదు. ఒకసారి టీమ్ మీటింగ్‌లో అందరికీ కలిపి టైంకి రమ్మన్నారు, అంతే. ఆ వాక్యం చేరుస్తాను. మేనేజర్ "సరే, చూసుకో" అన్న సంగతి మాత్రం తేలలేదు.

వెంకట్_హెచ్ఆర్
అనుమతి ఇచ్చారని రాయకండి. పలానా వారంలో విషయం ఆయన దృష్టికి తెచ్చానని మాత్రం రాయవచ్చు. రాసే ముందు ఆయనకు ఒక మాట చెప్పండి.

మౌనిక_ఎల్
నేనైతే అసలు రాయను. ఆయన కాదంటే మీ దగ్గర రుజువేముంది? మిగతా లెటరంతా కాగితాలతో నిలబడింది, ఇదొక్కటే గాలిలో ఉంటుంది. రేపటి నుంచి ఆయన కిందే పనిచేయాలి మీరు.

సూర్య_77
రాయాల్సిందే. రేపు విచారణలో కొత్తగా చెప్తే "అప్పుడెందుకు రాయలేదు" అని అడుగుతారు. ఈ విషయంలో నేను వెంకట్ గారి వైపే.

కిరణ్_బి
నా బయోమెట్రిక్ సంగతి ఎవరూ చెప్పలేదు.

వెంకట్_హెచ్ఆర్
కిరణ్, పడని రోజే, ఆ నిమిషంలోనే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. గేటు దగ్గర రిజిస్టర్ ఉంటే టైం రాసి సంతకం చేయండి. నోటీసు వచ్చాక చెప్తే సాకు అంటారు.

శ్రావణ్_క్యూసీ
మేనేజర్‌తో మాట్లాడాను. "దృష్టికి తెచ్చాను" అని రాస్తే అభ్యంతరం లేదన్నారు, అదే రాశాను. మెయిల్‌లో పంపి, కాగితం కాపీ మీద ఇన్‌వార్డ్ స్టాంపు, తేదీ వేయించుకున్నాను. వచ్చే నెల అప్రైజల్ ఉంది. ఈ నోటీసు పెండింగ్‌లో ఉంటే రేటింగ్ ఆపుతారా? ఎవరికైనా అలా జరిగిందా?