కంట్రోల్ గ్రూపు లేకుండా చేస్తే అది చర్యా పరిశోధన కాదా?

పత్తికొండ ఎస్‌జీటీ

మా ఐదో తరగతిలో సగం మందికి పైగా అప్పు తీసుకునే తీసివేతలు రావడం లేదు. దీన్నే చర్యా పరిశోధనగా తీసుకున్నాను. ముందొక పరీక్ష పెట్టి, మూడు వారాలు పుల్లల కట్టలతో చెప్పి, ఆఖర్న మరో పరీక్ష పెడదామనుకున్నాను. కాంప్లెక్స్ సమావేశంలో ఈ మాట చెబితే, కంట్రోల్ గ్రూపు లేకపోతే దాన్ని పరిశోధన అనరు, పక్క ఊరి బడి పిల్లలను పోలికకు పెట్టుకో అన్నారు. ఇంకో సందేహం కూడా ఉంది. మొదటి వారం అయిపోయింది, అనుకున్నంత మార్పు కనిపించడం లేదు. మధ్యలో పద్ధతి మార్చొచ్చా?

కడప బీఎడ్ లెక్చరర్

మీకు చెప్పినవారు తప్పేమీ చెప్పలేదు సార్. మూడు వారాలు రోజూ తీసివేతలు చేయిస్తే, పుల్లలు ఉన్నా లేకున్నా పిల్లలకు కొంత వస్తుంది. రెండో పరీక్షలో మార్కులు పెరిగాయనుకోండి, అది పుల్లల వల్లా, రోజూ చేయించడం వల్లా? పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే మీరు జవాబు చెప్పలేరు. మా దగ్గర రెండు గుంపులు, టి-పరీక్ష లేని రిపోర్టును తీసుకోం. మధ్యలో పద్ధతి మార్చడమంటారా, అది అసలు కుదరదు. ప్లాన్ రాసుకున్నాక చివరిదాకా దాని ప్రకారమే పోవాలి.

ప్రొద్దుటూరు తెలుగు టీచర్

రిపోర్టు గురించైతే టెన్షన్ పడొద్దు సార్, పై ఆఫీసులో పేజీలు చూస్తారే గానీ టి-పరీక్ష ఎవరూ అడగరు. నేను మూడో తరగతిలో ఒత్తుల మీద చేశాను. ఒక్కొక్కరి చేత పేరా చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. తీరిగ్గా వింటే తేలిందేమిటంటే, ఒత్తుల దగ్గర ఆగుతున్నారని నేను అనుకున్న పిల్లల్లో కొందరు గుణింతాల దగ్గరే తడబడుతున్నారు. మీరూ రికార్డు చేసుకోండి, పనికొస్తుంది.

తాడిపత్రి రిటైర్డ్ హెచ్‌ఎం

పత్తికొండ మాస్టారూ, కంట్రోల్ గ్రూపు సంగతి తర్వాత చూద్దాం. మీ మొదటి పరీక్షలో ఏ లెక్కలిచ్చారో, పిల్లలు ఏం రాశారో ముందు చెప్పండి. మార్కులు వద్దు, రాసిన జవాబులు కావాలి.

పత్తికొండ ఎస్‌జీటీ

పది లెక్కలు ఇచ్చాను మేడం. ఉదాహరణకు 52 - 37. పదకొండు మంది 25 అని రాశారు. 63 - 28కి ఆ పదకొండు మందీ 45 రాశారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారని అర్థమైంది. అందుకే పుల్లలు పట్టుకున్నాను.

తాడిపత్రి రిటైర్డ్ హెచ్‌ఎం

చిక్కు అక్కడే ఉంది నాయనా. 52 - 37లో పిల్లవాడు 7లోంచి 2 తీసేసి 5 రాసి, 5లోంచి 3 తీసేసి 2 రాస్తే 25 వస్తుంది. మీరు ఊహించిన తప్పు ఇది. ఇప్పుడు ఇంకో పిల్లను చూడండి. ఆమెకు అప్పు తీసుకోవడం తెలుసు. 2ను 12 చేసుకుని 7 తీసేసింది, 5 వచ్చింది. కానీ పదుల్లో 5ను 4 చేయడం మరిచి 3 తీసేసింది. ఆమెకూ 25 వచ్చింది. 63 - 28లోనూ ఇంతే, రెండు దారుల్లోనూ 45. ఒకట్ల స్థానంలో కింది అంకె పై అంకె కన్నా సరిగ్గా 5 ఎక్కువగా ఉంటే ఈ రెండు తప్పులూ ఒకే జవాబు ఇస్తాయి. మీరిచ్చిన రెండూ అలాంటి లెక్కలే.

52 - 38 ఇచ్చి చూడండి. మొదటి రకం పిల్లవాడు 26 రాస్తాడు. రెండో రకం పిల్ల 24 రాస్తుంది. సరైన జవాబు 14. అప్పుడు మీ పదకొండు మంది రెండు గుంపులుగా విడిపోతారు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆ ఇద్దరికీ మందు ఒకటి కాదు. 2లోంచి 8 పోదు అనే సంగతే మొదటివాడికి తట్టలేదు. వాడి చేతికి ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి, ఎనిమిది విడి పుల్లలు నాకు ఇవ్వమంటే, తన దగ్గర రెండే ఉన్నాయని వాడికే కనిపిస్తుంది, కట్ట విప్పాల్సి వస్తుంది. వాడికి పుల్లలు పనిచేస్తాయి. రెండో పిల్లకు కట్ట విప్పడం ముందే తెలుసు. ఆమె తప్పంతా రాతలో ఉంది. కట్ట విప్పిన క్షణంలోనే పలక మీద 5 కొట్టేసి 4 రాయించాలి. చేత్తో చేసే పనీ, పలక మీద రాతా పక్కపక్కనే జరగాలి. వట్టి పుల్లలతో ఆడిస్తూ పోతే ఆమెకు మూడు వారాలైనా అదే 24 వస్తుంది. మొదటి వారంలో మార్పు కనిపించకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

కాబట్టి పద్ధతి మార్చండి. లెక్చరర్ గారు కుదరదన్నది ప్రయోగానికి వర్తించే నియమం. 1946లో కర్ట్ లెవిన్ చర్యా పరిశోధన అన్న పేరు పెట్టి రాసినప్పుడే మెట్లు మెట్లుగా సాగే వలయాల గురించి చెప్పాడు: పథకం వేసుకోవడం, చేయడం, ఏం జరిగిందో చూసుకోవడం, దాన్ని బట్టి తర్వాతి పథకం. అలాగని రోజుకొకటి మార్చొద్దు. ఏం మార్చారు, ఏది చూసి మార్చారు, ఏ తేదీన మార్చారు, ఈ మూడూ నోటుబుక్కులో రాసి పెట్టండి. అక్కడితో మీ మొదటి వలయం ముగిసింది, రెండోది మొదలైంది.

కోసిగి సార్

మేడం గారి మాటకు మా వైపు కష్టం ఒకటి కలపాలి. మా ఊళ్ళలో మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వలస పోతారు, పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. నేను ఒకసారి ఇలాగే ముందు, తర్వాత పరీక్షలు పెడితే తరగతి సగటు బాగా పెరిగింది. పేర్లు పెట్టి చూస్తే, మొదటి పరీక్షలో సున్నాకు దగ్గరగా ఉన్న పిల్లలు రెండో పరీక్షకు ఊళ్ళోనే లేరు. సగటు పెరిగింది వాళ్ళు లేనందుకు. అప్పటి నుంచి రెండు పరీక్షలూ రాసినవాళ్ళనే పోలుస్తాను, వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు విడిగా రాస్తాను. పక్క ఊరి బడిని కంట్రోల్ గ్రూపుగా పెట్టుకుంటే ఈ గొడవ రెట్టింపవుతుంది, అక్కడ ఎవరు పోయారో మనకు తెలియదు.

కడప బీఎడ్ లెక్చరర్

25 గురించి మేడం చెప్పింది ఒప్పుకుంటాను, ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడు నేనూ అంత లోతుగా చూడలేదు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మార్పు వచ్చిందని రేపు ఈయన చెబితే, అది తన బోధన వల్లేనని నమ్మడం ఎలా? పైగా పాఠం చెప్పేది ఆయనే, ప్రశ్నపత్రం ఆయనదే, దిద్దేదీ ఆయనే. మన పిల్లలు బాగుపడ్డారని చూడాలన్న ఆశ మన కళ్ళలో ఉంటుంది.

తాడిపత్రి రిటైర్డ్ హెచ్‌ఎం

దిద్దే విషయంలో మీ మాట పూర్తిగా సరైనది. తీసివేతల్లో జవాబు తప్పో ఒప్పో ఎవరు దిద్దినా ఒకటే గానీ, ఇది ఏ రకం తప్పు అని విడదీసేటప్పుడు మన ఇష్టం దూరుతుంది. ముందు పేపర్లు, తర్వాత పేపర్లు కలిపేసి, పేర్లు, తేదీలు కనిపించకుండా ఇంకో టీచర్‌కు ఇచ్చి రకాలు వేరు చేయించాలి.

పోలిక విషయానికి వస్తే, దాన్ని మీ తరగతిలోనే పెట్టుకోవచ్చు మాస్టారూ. మీ పిల్లలకు రాని లెక్క ఇంకో రకం ఉండే ఉంటుంది, మధ్యలో సున్నా ఉన్నది. 403 - 157 తీసుకోండి. జవాబు 246. అప్పు తీసుకోవడం వచ్చిన పిల్లలే దీనికి 156 రాస్తారు. పదుల్లో సున్నా ఉంది కాబట్టి ఒకట్ల కోసం నేరుగా వందల దగ్గరికి పోతారు, 4 కాస్తా 3 అవుతుంది. మళ్ళీ పదుల కోసం అక్కడికే పోతారు, 3 కాస్తా 2 అవుతుంది. ఈ రకం లెక్కలను రెండో వలయం మొదట్లో పెట్టే పరీక్షలోనే ఇవ్వండి, కానీ ఇప్పుడు చెప్పకండి. రెండంకెల లెక్కలు మాత్రమే చెప్పి, రెండు రకాలూ మళ్ళీ అడగండి. రెండంకెలవి పెరిగి, సున్నా లెక్కలు ఉన్నచోటే ఉంటే, పెరుగుదల మీరు చెప్పినదాని వెంటే వచ్చిందనడానికి కొంత బలం ఉంటుంది. రెండూ ఒకేలా పెరిగితే ఇంకేదో పనిచేస్తోంది, బహుశా ట్యూషన్. తర్వాతి వలయంలో సున్నా లెక్కలు చెప్పండి, అప్పుడవి కదలాలి. ఇలా చేస్తే ఏ పిల్లనూ పోలిక కోసం పాఠం లేకుండా వదిలేయక్కర్లేదు.

రెండో పరీక్ష పాఠం అయిన మర్నాడే పెట్టకండి. రెండు వారాలు ఆగి, అంకెలు మార్చి పెట్టండి.

కడప బీఎడ్ లెక్చరర్

ఇది నాకు నచ్చింది. అయినా రెండంకెల లెక్కలు వచ్చిన పిల్లలు సున్నా లెక్కల్లో కూడా కొంత ముందుకు పోవచ్చు కదా మేడం, రెండిటికీ మూలం ఒకటే. అప్పుడు మీ పోలిక పలచబడుతుంది. పైగా పుల్లల వల్లా, రోజూ చేయించడం వల్లా అన్న నా మొదటి ప్రశ్నను ఇది తేల్చదు.

తాడిపత్రి రిటైర్డ్ హెచ్‌ఎం

తేల్చదు, నిజమే. పుల్లలు గొప్పవని రాష్ట్రమంతటికీ చెప్పాలంటే మీ దారిలోనే పోవాలి, చాలా బళ్ళు కావాలి. తన ఐదో తరగతికి రేపు ఏం చెప్పాలో తేల్చుకోవాల్సిన టీచర్‌కు అంత అక్కర్లేదని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోరని తెలుసు.

ప్రొద్దుటూరు తెలుగు టీచర్

మేడం, పలక మీద కొట్టేసి రాయమంటే, మా బడిలో కొందరు టీచర్లు కొట్టివేతలకు మార్కులు తగ్గిస్తారు. పిల్లలు భయపడి మనసులోనే చేసుకుంటారు. అది కూడా చూసుకోవాలేమో.

పత్తికొండ ఎస్‌జీటీ

ఈ రోజు ఆ పదకొండు మందికీ 52 - 38 ఇచ్చాను. ఆరుగురు 26, నలుగురు 24. అంటే నలుగురికి నేను వారంపాటు వాళ్ళకు వచ్చిన పాఠమే చెప్పాను. తెలుగు టీచర్ గారు అన్నది కూడా నిజమే, ఆ నలుగురిలో ఇద్దరి పేపర్లో ఒక్క కొట్టివేత లేదు. నీట్‌గా ఉండాలని నేనే చెప్పేవాణ్ణి.

ఒకడు మాత్రం 34 రాశాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎట్ల చేసినావో చెప్పు అంటే, "రెండును పన్నెండు చేసినా సార్, ఎనిమిది పోతే నాలుగు. ఒకటి తెచ్చినా కదా, ఐదుకు కలపల్ల, ఆరు. ఆరులో మూడు పోతే మూడు" అన్నాడు. కూడికల్లో పైకి తీసుకుపోయే ఒకటిని ఇక్కడ కలుపుతున్నాడు. పాత లెక్కల్లో వీడికి కూడా 25 ఎలా వచ్చిందో అర్థం కావడం లేదు. ఇదే పద్ధతిలో చేస్తే 35 రావాలి.

కోసిగి సార్

పక్కవాడి పేపర్ చూసి రాశాడేమో. లేదా నీ వారం పాఠంలో కట్ట విప్పడం చూసి, ఆ ఒకటి ఎక్కడ పెట్టాలో తెలియక ఈ దారి కొత్తగా పట్టాడేమో. రెండోదే అయితే పాఠం పుట్టించిన తప్పు అది, నోటుబుక్కులో విడిగా రాయి. ముందు 52 - 37 మళ్ళీ ఇచ్చి, ఒంటరిగా కూర్చోబెట్టి, నోటితో చెప్తూ చేయమను. ఏం రాశాడో ఇక్కడ పెట్టు.