తీగ మధ్యలో కొడితే అల వెళ్లిపోయాక అది మళ్లీ సున్నాకి ఎందుకు రావట్లేదు?

అనంతమైన తీగకి u_tt = c² u_xx, c = 2 తీసుకున్నాను. మొదట తీగ తిన్నగా ఉంది, u(x,0) = 0, కానీ |x| < 1 లో మాత్రం తొలి వేగం g(x) = 1, బయట 0. డాలంబర్ సూత్రం ప్రకారం

```
u(x,t) = (1/2c) ∫ g(s) ds,  s = x-ct నుంచి x+ct వరకు
```

x = 0 దగ్గర t = 1/2 దాకా u = t వస్తోంది, ఆ తర్వాత ఇంటిగ్రల్ విలువ ఎప్పటికీ 2 కాబట్టి u = 1/2 దగ్గరే ఆగిపోతోంది. అదే తొలి వేగం లేకుండా స్థానభ్రంశం మాత్రమే ఇస్తే రెండు సగాలూ చెరోవైపు వెళ్లిపోయి మధ్యలో సున్నా అవుతుంది, అది బాగానే అర్థమైంది.

నాకు తోచింది ఏంటంటే, వేగం వల్ల పుట్టేవి గుట్టల్లాంటి అలలు కాదు, g ఇంటిగ్రల్‌తో వచ్చే మెట్లు, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పోతుంటే మధ్యలో ఎత్తు మిగిలిపోతుంది. g మొత్తం ఇంటిగ్రల్ సున్నా అయితేనే తీగ వెనక్కి వస్తుంది. ఇది సరైనదేనా? సరైతే, టెన్షన్ ఆ మధ్య భాగాన్ని కిందకి ఎందుకు లాగదో భౌతికంగా ఎవరైనా వివరిస్తారా? అక్కడ u_xx = 0 అని లెక్కలో కనిపిస్తోంది, కానీ మనసుకి ఎక్కట్లేదండీ.